క్రెడిట్ వచ్చింది సరే, గ్రేడు ఎక్కడికి పోయింది?

ఫైనలియర్ విద్యార్థులకు ఒక ప్రశ్న. మీ డిగ్రీలో వేరే సంస్థ నుంచి తెచ్చుకున్న క్రెడిట్లు ఏమైనా ఉన్నాయా? స్వయంలో చేసిన కోర్సు కావచ్చు, పాలిటెక్నిక్ చదివి సెకండియర్‌లో చేరడం కావచ్చు, మధ్యలో కాలేజీ మారడం కావచ్చు. ఉంటే, ఆ క్రెడిట్ల తాలూకు గ్రేడు మీ సీజీపీఏలో కలిసిందా లేదా? చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. క్యాంపస్‌కి కంపెనీ వచ్చి '7.0 సీజీపీఏ ఉన్నవాళ్లే అప్లై చేయాలి' అన్న రోజున మాత్రం అందరూ మార్కుల మెమో తిరగేస్తారు.

మా చిలమత్తూరు వైపు ఈ ప్రశ్న ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది. మాది ఆంధ్రా అంచు. కొడికొండ చెక్‌పోస్టు దాటితే కర్ణాటక. పిల్లల్లో కొందరు హిందూపురం, అనంతపురం కాలేజీలకు పోతారు, కొందరు బాగేపల్లి మీదుగా బెంగళూరు దారి పడతారు. డిప్లొమా చేసి ఈసెట్ రాసేవాళ్లు ఉన్నారు, ఫీజులో, ఇంటి పరిస్థితో కలిసిరాక మధ్యలో కాలేజీ మారేవాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కరి డిగ్రీలో రెండు మూడు సంస్థల చదువు కలిసి ఉంటుంది. కంపెనీ మాత్రం అడిగేది ఒకే ఒక్క అంకె.

ముందు ఒక తేడా చూడాలి. క్రెడిట్ అంటే 'ఈ సబ్జెక్టు చదివి గట్టెక్కాడు' అనే లెక్క. గ్రేడ్ పాయింట్ అంటే 'ఎంత బాగా గట్టెక్కాడు' అనే లెక్క. ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు మారేటప్పుడు మొదటిది దాదాపు ఎప్పుడూ వస్తుంది. రెండోది వస్తుందో రాదో మీకు డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ రూల్సును బట్టి ఉంటుంది. సీజీపీఏ సూత్రం మీకు తెలిసిందే:

```
CGPA = Σ(C × G) / ΣC
```

ఇందులో C అంటే సబ్జెక్టు క్రెడిట్లు, G అంటే అందులో వచ్చిన గ్రేడ్ పాయింట్. బయటి నుంచి వచ్చిన కోర్సును పైనా కిందా రెండు చోట్లా కలిపితే దాని గ్రేడు మీ సగటును కదిలిస్తుంది. రెండు చోట్లా వదిలేస్తే సగటు కదలదు, డిగ్రీకి కావలసిన మొత్తం క్రెడిట్లలో మాత్రం లెక్కకొస్తుంది.

ఈమధ్య మా ఊరి కుర్రాడొకడు ఫోన్ చేశాడు. పేరు వద్దులెండి. "అన్నా, ఎన్‌పీటీఈఎల్ పాసయినా, క్రెడిట్లూ వచ్చినాయి. మరి సీజీపీఏ ఎందుకు తగ్గింది?" అన్నాడు. లెక్క చూస్తే తప్పేమీ లేదు. ఆరు సెమిస్టర్లకు 120 క్రెడిట్లు, సీజీపీఏ 7.02. ఏడో సెమిస్టర్‌లో ఓపెన్ ఎలెక్టివ్‌కు బదులు పన్నెండు వారాల ఎన్‌పీటీఈఎల్ కోర్సు తీసుకున్నాడు. మూడు క్రెడిట్లు. నెట్ సరిగ్గా లేక చివరి వారాల అసైన్‌మెంట్లు వదిలేశాడు. అసైన్‌మెంట్లకు 25కు 16, పరీక్షకు 75కు 31, మొత్తం 47. పాస్. సర్టిఫికెట్ కూడా వచ్చింది.

వాళ్ల కాలేజీ ఆ 47ను తమ సొంత పట్టికలో పెట్టింది. 90 దాటితే 10 పాయింట్లు, 80ల్లో 9, 70ల్లో 8, అలా దిగుతూ వస్తే 40ల్లో 5. మిగతా సబ్జెక్టులను పక్కన పెట్టి ఈ ఒక్క కోర్సునే కలిపి చూద్దాం. 120ని 7.02తో గుణిస్తే 842.4. దానికి మూడైదులు పదిహేను కలిపితే 857.4. దాన్ని 123తో భాగిస్తే 6.97. ఏడు గడప దాటి బయటపడ్డాడు.

అదే సెమిస్టర్‌లో వాడి రూమ్మేట్ ఓపెన్ ఎలెక్టివ్‌ను కాలేజీలోనే చదివాడు. ఇంటర్నల్స్‌లో 30కి 26, ఎక్స్‌టర్నల్‌లో 70కి 44, మొత్తం 70. ఎనిమిది పాయింట్లు. 7.02 దగ్గరున్న మనవాడే ఆ పేపర్ తీసుకుని అన్ని మార్కులు తెచ్చుకుని ఉంటే 866.4ను 123తో భాగించాలి, అంటే 7.04. కాలేజీ రూల్సు 'క్రెడిట్ మాత్రమే' అని ఉంటే 7.02 అలాగే నిలబడేది. ఒకే మనిషికి, ఒకే సెమిస్టర్‌లో మూడు రకాల అంకెలు. వీటిలో ఒకటి మాత్రమే ఏడుకు కింద ఉంది, అది కూడా ఐఐటీ ప్రొఫెసర్ పాఠం విని, పక్క ఊళ్లో పరీక్షాకేంద్రానికి పోయి రాసినందుకు వచ్చింది.

ఇక్కడ ఎన్‌పీటీఈఎల్ మార్కుల పద్ధతి గురించి నాలుగు మాటలు చెప్పాలి, తెలియక చాలామంది దెబ్బ తింటున్నారు. పన్నెండు వారాల కోర్సులో మీరు చేసిన అసైన్‌మెంట్లలో ఉత్తమమైన ఎనిమిదింటి సగటును 25కు తగ్గిస్తారు. పరీక్షా కేంద్రంలో రాసే పరీక్షను 75కు లెక్కిస్తారు. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 విడివిడిగా రావాలి. అంటే అసైన్‌మెంట్లలో 23, పరీక్షలో 28 వచ్చినవాడు మొత్తం 51తో ఫెయిల్, 16, 31 తెచ్చుకున్న మనవాడు 47తో పాస్. అసైన్‌మెంట్లు గ్రూపుల్లో జవాబులు చూసి నింపేసి ధీమాగా ఉండేవాళ్లు ఆగిపోయేది ఆ 30 దగ్గరే. ఇక 60 దాటితే సర్టిఫికెట్ మీద ఎలీట్ అని, 75 దాటితే సిల్వర్, 90 దాటితే గోల్డ్ అని పడుతుంది. రెజ్యూమేలో అది బాగానే ఉంటుంది. కానీ ఎలీట్ అన్న మాట గ్రేడ్ పట్టికకు తెలియదు. 62 వచ్చి ఎలీట్ అయినవాడికి అక్కడ పడేది ఏడు పాయింట్లే.

అయితే స్వయం గ్రేడును కలపమని ఎవరు చెప్పారు? యూజీసీ 2016లో స్వయం కోర్సుల క్రెడిట్ల మీద నిబంధనలు తెచ్చింది, 2021లో మళ్లీ కొత్తవి తెచ్చి, ఒక సెమిస్టర్‌లో నలభై శాతం వరకు కోర్సులను అలా చదవొచ్చంది. విద్యార్థికి సమాన క్రెడిట్లు ఇవ్వాల్సిన బాధ్యతను సొంత యూనివర్సిటీ మీద పెట్టింది. సర్టిఫికెట్ మీది మార్కులను తమ గ్రేడ్ పట్టికలోకి ఎలా మార్చుకోవాలన్నది మాత్రం ఆ యూనివర్సిటీ, అటానమస్ కాలేజీ అయితే ఆ కాలేజీ, తమ రూల్సులో రాసుకుంటాయి. అందుకే పక్కపక్క కాలేజీల్లో కూడా జవాబు వేరుగా ఉండొచ్చు. సీనియర్ చెప్పాడని నమ్మడానికి లేదు. సీనియర్ది వేరే రెగ్యులేషన్ అయి ఉండొచ్చు.

మీ మెమోలో కలిసిందో లేదో తేల్చుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు, కాగితం, పెన్ను చాలు. ఉదాహరణకు ఏడో సెమిస్టర్‌లో 20 క్రెడిట్లున్నాయి, అందులో 3 స్వయం కోర్సువి. మిగతా 17 క్రెడిట్లకు మీకు వచ్చిన పాయింట్ల మొత్తం 122 అనుకుందాం. స్వయం కోర్సులో 5 పాయింట్లు. మెమోలో ఎస్‌జీపీఏ 6.85 అని ఉంటే గ్రేడును కలిపారు, 137ను 20తో భాగిస్తే వచ్చేది అదే. 7.18 అని ఉంటే కలపలేదు, 122ను 17తోనే భాగించారు. ఈ రెండూ కాక 6.10 అని కనబడితే మాత్రం వెంటనే ఎగ్జామ్ బ్రాంచ్‌కు పరిగెత్తండి. 122ను 20తో భాగించారు. అంటే మీ కోర్సు క్రెడిట్లు కింద చేరాయి, పాయింట్లు పైన చేరలేదు. సర్టిఫికెట్ ఇంకా వాళ్ల రికార్డుల్లోకి ఎక్కలేదు కాబట్టి దాన్ని సున్నాగా పట్టుకున్నారు.

ఈ మూడోది ఊహ కాదు. కాలేజీ సెమిస్టర్ ఫలితాలు ఒక తేదీన వస్తాయి, ఎన్‌పీటీఈఎల్ ఫలితాలు పరీక్ష అయిన కొన్ని వారాలకు వాటి టైముకు అవి వస్తాయి. మధ్యలో ప్లేస్‌మెంట్ డ్రైవ్ పడితే ఆ కోర్సు బ్యాక్‌లాగ్‌గా కనబడొచ్చు. నా సలహా ఒక్కటే. స్వయం కోర్సు తీసుకోవాలనుకుంటే మూడో సంవత్సరంలోనే తీసుకోండి. ఫైనలియర్ రెండో సెమిస్టర్ దాకా దాచిపెట్టుకుంటే ప్రొవిజనల్ సర్టిఫికెట్ కూడా దాని కోసం ఆగుతుంది.

ఇప్పుడు ఈసెట్ దారిలో వచ్చినవాళ్ల సంగతి. వీళ్లది దీనికి పూర్తిగా ఎదురు. డిప్లొమా చదివినందుకు బీటెక్ ఫస్టియర్ నుంచి మినహాయింపు దొరుకుతుంది. ఒక విధంగా అదీ క్రెడిట్ బదిలీయే, ఒక సంవత్సరం చదువు చదివినట్టే లెక్క. కానీ డిప్లొమా మార్కులు బీటెక్ సీజీపీఏలోకి రావు. డిప్లొమాలో 90 శాతం తెచ్చుకున్నా, అత్తెసరు మార్కులతో బయటపడ్డా, సెకండియర్ మొదటి రోజున అందరి పలకా ఖాళీయే.

దీనిలో ఒక చిక్కుంది. నాలుగేళ్లు చదివినవాడి సీజీపీఏ 160 క్రెడిట్ల మీద లెక్క కడితే, మీది ఫస్టియర్‌వి తీసేసి దాదాపు 120 మీద కడతారు. కింద ఉన్న అంకె చిన్నదైతే ప్రతి సబ్జెక్టు బరువూ పెరుగుతుంది. మూడు క్రెడిట్ల పేపర్‌లో రెండు పాయింట్లు తగ్గితే రెగ్యులర్ విద్యార్థికి చివరి సీజీపీఏలో పోయేది సుమారు 0.04. మీకు 0.05. ఒక్క పేపర్‌కు ఇది చిన్న తేడాయే. లెక్కల పేపర్లలో వరసగా తడబడితే, అది డిప్లొమా నుంచి వచ్చినవాళ్లలో తరచూ జరిగేదే, తేడా గట్టిగానే కనబడుతుంది. దాన్ని సర్దడానికి ఫస్టియర్ ఇంగ్లిష్, వర్క్‌షాప్ మార్కుల్లాంటివి మీ దగ్గర ఉండవు.

కంపెనీల ఆన్‌లైన్ ఫారాలు చాలావరకు ఎనిమిది సెమిస్టర్ల ఎస్‌జీపీఏ అడుగుతాయి. మొదటి రెండు గళ్లలో డిప్లొమా శాతాన్ని పదితో భాగించి వేసేవాళ్లను చూశాను. అలా చేయొద్దు. సర్టిఫికెట్ల పరిశీలన రోజున ఆ అంకెకు ఆధారం చూపించలేరు. ఫారంలో లేటరల్ ఎంట్రీ ఆప్షన్ ఉంటే అది పెట్టండి, లేకపోతే ఆ గళ్లు ఎలా నింపాలో ప్లేస్‌మెంట్ సెల్ నుంచి మెయిల్ రూపంలో తెప్పించుకోండి. డిప్లొమా మార్కులకు వేరే గడి ఎలాగూ ఉంటుంది.

మధ్యలో యూనివర్సిటీ మారేవాళ్లది అన్నింటికన్నా కష్టం. బెంగళూరులో ఏడాది చదివి అనంతపురం వైపు వచ్చేవాళ్లూ, ఇటు నుంచి అటు వెళ్లేవాళ్లూ మా మండలంలో ఉంటూనే ఉంటారు. కొత్త యూనివర్సిటీ ముందుగా పాత సబ్జెక్టులను తమ సబ్జెక్టుల పక్కన పెట్టి చూస్తుంది. సరిపోయినవాటికి క్రెడిట్ ఇస్తుంది, సరిపోని చోట తమ సబ్జెక్టు రాయమంటుంది. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. పాత గ్రేడును తెచ్చి కలుపుతారా, కొత్త చోట చదివినదానికే సీజీపీఏ కడతారా అన్నది చాలామంది చేరిపోయాక అడుగుతారు. రెండు యూనివర్సిటీలదీ పది పాయింట్ల స్కేలే కదా అనుకోకండి. సీజీపీఏను శాతంలోకి మార్చేటప్పుడు కొన్ని నిబంధనల్లో 0.5 తీసేసి పదితో గుణిస్తారు, కొన్నింటిలో 0.75 తీసేస్తారు. ఒకే ఏడు ఒకచోట 65 శాతం, ఇంకోచోట 62.5. పేరుకు రెండూ ఏడే, విలువ మాత్రం ఒకటి కాదు.

మరి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చింది కదా, ఇదంతా అదే చూసుకోదా అని అడుగుతారు. 2021లో యూజీసీ తెచ్చిన ఆ ఏర్పాటు మంచిదే. డిజిలాకర్ ద్వారా పన్నెండంకెల ఐడీ తెరుచుకుంటే మీ క్రెడిట్లు అందులో జమ అవుతాయి, ఏడేళ్ల దాకా చెల్లుతాయి. ఒకసారి డిగ్రీకి వాడుకున్న క్రెడిట్‌ను రెండోసారి వాడలేరు, డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలి. కానీ అది బ్యాంకే. డబ్బు ఎంత ఉందో చెబుతుంది గానీ ఆ డబ్బుతో అంగట్లో ఏ ధరకు ఏమిస్తారో చెప్పదు. సీజీపీఏ కట్టేది డిగ్రీ ఇచ్చే సంస్థే.

అమెరికాలో దీన్ని ఎలా చూస్తారో మన ఎంఎస్ విద్యార్థులకు బాగా తెలుసు. ఒక యూనివర్సిటీలో సెమిస్టరో రెండో చదివి ఇంకోదానికి మారేవాళ్లు మనవాళ్లలో తక్కువేమీ కాదు. అక్కడ ఎక్కువ యూనివర్సిటీలు మాస్టర్స్‌లో ఆరు నుంచి తొమ్మిది క్రెడిట్ల వరకే ఒప్పుకుంటాయి, అదీ సాధారణంగా బి గ్రేడు లేదా అంతకన్నా పైన వస్తేనే. ఒప్పుకున్న కోర్సు పక్కన ట్రాన్స్‌ఫర్ అని గుర్తు వేస్తారు. జీపీఏలో కలపరు. కొత్త చోట జీపీఏ కొత్తగా మొదలవుతుంది. వాళ్ల ఆలోచన తేలికగానే అర్థమవుతుంది. ఇంకొకరు దిద్దిన పేపర్‌కు మా సగటు పూచీ పడదు, చదివావన్న సంగతి మాత్రం ఒప్పుకుంటాం అంటారు. పాత జీపీఏ బాగాలేదని దాన్ని దాచేద్దామనుకునేవాళ్లకు ఒక మాట. ఆ తర్వాత పీహెచ్‌డీకో, ఇంకో కోర్సుకో అప్లై చేస్తే చదివిన ప్రతి సంస్థ ట్రాన్స్‌క్రిప్టూ అడుగుతారు. జీపీఏలో కలవలేదంటే కనబడదని కాదు.

మరి మన దగ్గర ఏది ఉండాలి? గ్రేడును కలపాలనేవాళ్ల వాదనలో బలం ఉంది. క్రెడిట్ మాత్రమే ఇస్తే పిల్లలు పాస్ మార్కుల దగ్గర ఆగిపోతారు, కష్టపడి గోల్డ్ తెచ్చుకున్నవాడికి ఒరిగేదేమీ ఉండదు అంటారు. నిజమే. పల్లె నుంచి వచ్చి సొంతంగా చదివి 91 తెచ్చుకున్నవాడికి పది పాయింట్లు దక్కకపోతే అన్యాయమే. కానీ కలపడంలో ఉన్న అన్యాయం కూడా చూడాలి. ఇంటర్నల్స్‌లో లెక్చరర్ ఉదారంగా వేసే 26కూ, దేశమంతా ఒకే ప్రశ్నపత్రం రాసిన పరీక్షలో వచ్చే 31కీ ఒకే పట్టిక వాడుతున్నాం. తూనికరాయి మార్చి తూకం ఒకటే అంటున్నాం. దీని ఫలితం కాలేజీల్లో కనబడుతూనే ఉంది. సీజీపీఏ అంచున ఉన్న పిల్లలు తమకు పనికొచ్చే కఠినమైన కోర్సు వదిలేసి, సిలబస్ తేలికగా ఉన్న కోర్సు వెతుక్కుంటున్నారు.

నేను కోరేది పెద్ద మార్పేమీ కాదు. కోర్సుకు రిజిస్టర్ అయ్యే రోజునే విద్యార్థి రాసివ్వాలి, నాకు గ్రేడుతో కలపండి అనో, క్రెడిట్ మాత్రమే ఇవ్వండి అనో. మార్కులు చూశాక ఎంచుకోనిస్తే అది జూదమవుతుంది, అందుకు నేను ఒప్పుకోను. క్రెడిట్ మాత్రమే ఎంచుకున్నా సర్టిఫికెట్ మీది మార్కులు మెమోలో విడిగా వేయాలి, చూసే కంపెనీ చూసుకుంటుంది. దుర్వినియోగం అవుతుందని భయముంటే డిగ్రీ మొత్తంలో ఇలాంటి క్రెడిట్లకు ఒక హద్దు పెట్టుకోవచ్చు. సీజీపీఏ ఎన్ని క్రెడిట్ల మీద కట్టారో ఆ అంకె మెమో మీద సీజీపీఏ పక్కనే అచ్చు వేయాలి. 160లో 157 మీద కట్టారంటే చదివేవాడికి అంతా అర్థమైపోతుంది. ఇందుకు కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, భాగహారం చేసిన యంత్రం దగ్గర ఆ అంకె ముందే ఉంది.

అప్పటిదాకా, స్వయం కోర్సు ఫారం మీద హెచ్‌ఓడీ సంతకం తీసుకునేటప్పుడే మూడు సంగతులు అడగండి. ఈ కోర్సు ఏ సబ్జెక్టుకు బదులు లెక్కకొస్తుంది? నా మార్కులను ఏ పట్టికతో గ్రేడుగా మారుస్తారు? ఆ గ్రేడు సీజీపీఏలో కలుస్తుందా? "చూద్దాంలే" అన్న జవాబు వస్తే మీ రెగ్యులేషన్ పుస్తకం తెరిచి, మూక్స్ అన్న పేజీ, ట్రాన్స్‌ఫర్ అన్న పేజీ చూపించి అడగండి. మా కుర్రాడు ఇప్పుడు అదే చేస్తున్నాడు. ఎనిమిదో సెమిస్టర్‌లో ప్రాజెక్టుకు క్రెడిట్లు ఎక్కువ కాబట్టి 7 దాటే వీలు ఇంకా ఉంది. ఎన్ని పాయింట్లు కావాలో లెక్క వేసి హాస్టల్ గోడ మీద అంటించుకున్నాడట.